తిరిగొచ్చిన పాప ఎవరి కోసం ఏడుస్తోంది?

విమానాశ్రయం బయట నాలుగేళ్ల పాప అమ్మమ్మ వెనక నక్కి నిలబడుతుంది. ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచిన మనిషి అమ్మ అని పాపకు తెలుసు. రోజూ ఫోన్‌లో చూస్తున్న ముఖమే. అయినా కదలదు. బలవంతాన ఎత్తుకుంటే ఒళ్లు బిగదీసుకుని ముఖం తిప్పేస్తుంది. ఈ రోజు కోసం మూడేళ్లకు పైగా ఎదురుచూసిన తల్లికి అక్కడే గుండె జారిపోతుంది. ఆ తర్వాత వారం పది రోజుల్లో ఇంట్లో మాటలు మొదలవుతాయి. 'అసలు నన్ను మర్చిపోయింది' అని తల్లి అంటుంది. 'మా గురించి పాపకు సరిగ్గా చెప్పలేదేమో' అని తండ్రికి అనుమానం వస్తుంది. అమ్మమ్మకేమో తాను ఏదో తప్పు చేసినట్టు అనిపిస్తుంది.

పాప మనల్ని ఎందుకు దగ్గరకు రానివ్వడం లేదు అన్న ప్రశ్న పట్టుకున్నంత కాలం దీనికి జవాబు దొరకదు. పాప ఎవరిని పోగొట్టుకుంది అని అడిగితే చాలావరకు అర్థమవుతుంది. పెద్దవాళ్ల లెక్కలో అది కలుసుకున్న రోజు. పాప లెక్కలో అది విడిపోవడం మొదలైన రోజు.

విదేశంలో పనిచేసే తల్లిదండ్రులు పసిబిడ్డను అమ్మమ్మ, తాతయ్యల దగ్గరో, నానమ్మ దగ్గరో వదలడానికి కారణాలు అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే. షిఫ్టుల ఉద్యోగం, బిడ్డను చూసుకునే కేంద్రాల ఖర్చు, వీసా చిక్కులు, చుట్టూ అయినవాళ్లు లేకపోవడం. ఉత్తర అమెరికాకు వలస వెళ్లిన చైనా కుటుంబాల్లో ఇలా వెనక్కి పంపి, కొన్నేళ్లకు తెచ్చుకునే పిల్లలను 'శాటిలైట్ బేబీస్' అంటారు. కరీబియన్ దీవుల్లో 'బ్యారెల్ చిల్డ్రన్' అనే పేరుంది. పరాయి దేశంలో ఉన్న తల్లి పీపాల్లో బట్టలు, బొమ్మలు, సరుకులు నింపి పంపుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మొదటి పేరు బిడ్డ తిరిగే దూరాన్ని చెబుతుంది, రెండోది తల్లి పంపే వస్తువులను చెబుతుంది. రాత్రి పక్కలో పడుకోబెట్టుకున్న మనిషి మాత్రం రెండు పేర్లలోనూ కనపడదు. చిక్కు అర్థం కావాలంటే ఆ మనిషి దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

ఏడెనిమిది నెలల బిడ్డ తెలియనివాళ్లు ఎత్తుకోబోతే ఏడుస్తుంది. 'కొత్త చేస్తోంది' అంటాం. అప్పటిదాకా ఎవరి చేతుల్లోకైనా వెళ్లిన బిడ్డ ఇప్పుడు మనుషులను ఎంచుకుంటోందని దాని అర్థం. 1964లో పరిశోధకులు రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసిపిల్లలను పుట్టిన కొత్తలో మొదలుపెట్టి ఏడాదిన్నర వయసు దాకా గమనించి ప్రచురించిన అధ్యయనంలో ఇది స్పష్టంగా కనిపించింది. ఎక్కువ మంది పిల్లలు ఏడు నెలల ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన మనిషికి అంటుకుపోయారు. కొన్ని నెలల్లోనే తండ్రి, అమ్మమ్మ, తోబుట్టువుల వంటి మరికొందరూ ఆ వలయంలోకి వచ్చారు. బిడ్డ ఎంచుకున్నది పాలు పట్టినవాళ్లనో, ఎక్కువ గంటలు దగ్గరున్నవాళ్లనో మాత్రమే కాదు. తాను కదిలితే స్పందించినవాళ్లను, ఏడిస్తే వెంటనే వచ్చినవాళ్లను ఎంచుకుంది.

అందుకే ఏ వయసులో వదిలారన్నది పెద్ద తేడా తెస్తుంది. మూడు నెలల బిడ్డను అమ్మమ్మ చేతుల్లో పెడితే బిడ్డ తొలి అనుబంధం అమ్మమ్మతోనే ఏర్పడుతుంది. అక్కడ తెగేది పెద్దగా ఏమీ ఉండదు. మూడేళ్లు దాటిన పిల్లకు మాటలుంటాయి, అమ్మ ఎక్కడికి వెళ్లిందో కొంతైనా చెప్పవచ్చు. కష్టమైన కాలం ఈ రెండింటి మధ్యది. ఏడెనిమిది నెలల నుంచి రెండున్నరేళ్ల దాకా బిడ్డకు మనిషి కావాలని గట్టిగా తెలుసు, ఆ మనిషి ఎందుకు లేదో అర్థం చేసుకునే భాష మాత్రం లేదు.

ఉదాహరణకు ఒక పాపను ఊహించుకుందాం. తొమ్మిది నెలలకు తల్లి ఆమెను అమ్మమ్మ దగ్గర వదిలి ఉద్యోగంలో చేరింది. నాలుగేళ్ల రెండు నెలల వయసులో వెనక్కి తెచ్చుకుంది. ఈలోపు అక్కడ ఒక తమ్ముడు పుట్టాడు, వాడికిప్పుడు ఏడాది.

తల్లి వెళ్లిన మొదటి వారం పాప గుమ్మం వైపు పాకింది, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచింది, ఎవరు తినిపించబోయినా నోరు తెరవలేదు. తర్వాత ఏడుపు తగ్గి నీరసపడింది. బెంగ పెట్టుకుంది అన్నారు ఇంట్లోవాళ్లు, సరిగ్గానే అన్నారు. మూడు నాలుగు వారాలకు అమ్మమ్మకు మాలిమి అయి, ఆమె గదిలోంచి బయటకు వెళ్తే ఏడవడం మొదలుపెట్టింది. 'ఇప్పుడు హాయిగా ఉంది, నిన్ను అడగడం లేదు' అని అమ్మమ్మ ఫోన్లో చెప్పింది. కూతురు నిశ్చింతగా ఉండాలనే చెప్పింది. విన్న తల్లికి ఊరట, కలుక్కుమన్న బాధ రెండూ ఒకేసారి కలిగి ఉంటాయి.

ఆస్పత్రుల్లో, శిశు సదనాల్లో తల్లికి దూరమైన చిన్నపిల్లలను గమనించి బ్రిటన్ పరిశోధకులు జేమ్స్ రాబర్ట్‌సన్, జాన్ బౌల్బీ 1950ల్లో మూడు దశలు వివరించారు. మొదట ఏడ్చి ఎదురు తిరగడం, తర్వాత నిరాశగా ముడుచుకుపోవడం, చివరికి తల్లి వచ్చినా పట్టనట్టు ఉండిపోవడం. శిశు సదనంలో ఉన్న బిడ్డకూ మన పాపకూ ఒక తేడా ఉంది. సదనంలో పూటకో ఆయా మారుతుంది, పట్టుకోవడానికి స్థిరమైన చేయి దొరకదు. పాపకు ఒకే మనిషి, రోజూ, మూడేళ్లకు పైగా దొరికింది. అందుకే పాప మూడో దశలో ఇరుక్కుపోలేదు, మళ్లీ మనసిచ్చి ఒకరికి దగ్గరైంది. అమ్మమ్మ చేసిన అతి పెద్ద మేలు ఇదే. చిక్కేమిటంటే, ఆమె ఆ పని ఎంత బాగా చేస్తే ఆమెను వదిలి రావడం పాపకు అంత కష్టమవుతుంది. పాప విలవిల్లాడితే అమ్మమ్మ పెంపకంలో లోపమని కొందరంటారు, కానీ అక్కడ జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

మరి రోజూ చేసిన వీడియో కాల్స్ మాటేమిటి? వాటికి విలువ లేకపోలేదు. ఏడాదిన్నర లోపు పిల్లలకు స్క్రీన్లు వద్దని చెప్పిన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్యుల సంఘం కూడా 2016లో వీడియో కాల్‌కు మినహాయింపు ఇచ్చింది. అవతలి మనిషి బిడ్డ చేష్టకు అప్పటికప్పుడు స్పందించడం రికార్డు చేసిన వీడియోలో ఉండదు. దీనివల్ల ముఖం, గొంతు, అమ్మ అనే పేరు నిలబడతాయి. ఆపైన చేరే అనుబంధం మాత్రం జ్వరం వచ్చిన రాత్రి, మోకాలు చీరుకున్న మధ్యాహ్నం, పీడకల వచ్చి లేచిన అర్ధరాత్రి తయారవుతుంది. ఆ గంటల్లో ఫోన్ లోపలి మనిషి చేయి చాచలేదు. గుర్తుపట్టడం వేరు, ఒళ్లు అప్పగించడం వేరు. విమానాశ్రయంలో పాప తల్లిని గుర్తుపట్టి కూడా వెళ్లలేదంటే మర్చిపోయిందని కాదు, ఈ రెండోది ఇంకా లేదని.

ఇక అప్పగింత. ఈ కుటుంబంలో అమ్మమ్మ పాపతో పాటు వచ్చి పది రోజులు ఉంది. పదకొండో రోజు తెల్లవారుజామున, పాప నిద్రలో ఉండగా వెళ్లిపోయింది. చెబితే ఏడుస్తుందని అందరూ కలిసి తీసుకున్న నిర్ణయం అది. ప్రేమతో చేసే తప్పుల్లో ఇంత ఖరీదైనది మరొకటి ఉండదేమో. ఆ రోజు నుంచి పాప రాత్రి పడుకోనని మొండికేసింది. నిద్రపోతే మనుషులు మాయమవుతారని ఆమెకు స్వయంగా తెలిసింది మరి. అర్ధరాత్రి లేచి గదులన్నీ చూసొచ్చేది. బూట్లు తొడిగితే హడలిపోయేది. పెద్దవాళ్లు దాన్ని నిద్ర సమస్య అనుకున్నారు.

పగలు మాత్రం మొదటి మూడు వారాలు పాప చాలా బుద్ధిగా ఉంది. పెట్టింది తిన్నది, చెప్పింది చేసింది, ఏదీ అడగలేదు. చుట్టాలింటికి వచ్చిన పిల్ల ఎలా ఉంటుందో అలా. తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. నాలుగో వారంలో తుఫాను మొదలైంది. తల్లి తినిపించబోతే పళ్లెం నెట్టేయడం, పక్క తడపడం, తమ్ముణ్ణి గిల్లడం, 'నువ్వు మా అమ్మవి కాదు' అనడం. ఇంత బాగా అలవాటు పడింది, మళ్లీ మొదటికొచ్చిందేమిటి అని ఇంట్లో టెన్షన్. నిజానికి మొదటి మూడు వారాలు పాప అలవాటు పడలేదు, జాగ్రత్త పడింది. ఈ ఇంట్లో తన మీద కోపగించుకుంటే ఏం జరుగుతుందో తెలియని పిల్ల తన కోపాన్ని బయటపెట్టదు. బయటపెట్టిందంటే కాళ్ల కింద కొంచెం నేల దొరికిందనే.

తల్లి పట్ల ప్రత్యేకించి ఈ విముఖత ఎందుకు అన్నదానికి పరిశోధకులు క్రిస్టఫ్ హైనికే, ఇల్స్ వెస్ట్‌హైమర్ 1966లో ప్రచురించిన పరిశీలన కొంత వెలుగు చూపిస్తుంది. ఏడాది నుంచి రెండున్నరేళ్లు పైబడిన వయసులో ఉన్న పదిమంది పిల్లలు కొన్ని వారాలు శిశు సదనంలో ఉండి ఇంటికి తిరిగొచ్చారు. తల్లి కనపడగానే ఇద్దరు గుర్తుపట్టనట్టే ఉన్నారు, మిగిలిన ఎనిమిది మంది ముఖం తిప్పుకున్నారు లేదా దూరంగా నడిచారు. ఎక్కువ మంది కళ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రుల పట్ల ఈ ముఖం తిప్పుకోవడం చాలా తక్కువ. ఆ పిల్లల ఎడబాటు వారాలది, మన పాపది ఏళ్లది, కాబట్టి రెండింటినీ సరిసమానం చేయకూడదు. కానీ ఇళ్లలో చూసే దృశ్యం ఒకటే. తండ్రితో ఆడుతుంది, తల్లి వస్తే లేచిపోతుంది. తండ్రి దగ్గర పాప ఆశించేది తక్కువ, అక్కడ ఓడిపోయేదీ తక్కువ. అమ్మ అన్న మాటకే పాప మనసులో పెద్ద చోటుంది, అందులో ఇప్పటికే అమ్మమ్మ కూర్చుని ఉంది. తల్లిని రానిస్తే అమ్మమ్మను లేపినట్టే. నాలుగేళ్ల పిల్ల ఈ మాట ఇలా చెప్పలేదు కాబట్టి పళ్లెం నెట్టేస్తుంది.

తమ్ముడి సంగతి ఇంకో ముల్లు. మామూలు ఇంట్లో పెద్దపిల్లకు తమ్ముడు పుడతాడు. ఇక్కడ తమ్ముడిది ఇల్లు, పాప కొత్తగా వచ్చింది. 'వాణ్ణి ఉంచుకున్నారు, నన్ను పంపేశారు' అన్న లెక్క ఆమె వేసుకోకుండా ఉండదు. కొన్నిసార్లు ఆ ప్రశ్న పదేళ్ల తర్వాత బయటకొస్తుంది. ముందే చెప్పేయడం నయం. అప్పుడు నిన్ను చూసుకోవడానికి మా దగ్గర ఎవరూ లేరు, నువ్వు ఏదో చేసినందుకు పంపలేదు అని చిన్న మాటల్లో, అడిగిన ప్రతిసారీ.

మరి సర్దుబాటు ఎలా జరుగుతుంది? దీనికి పనికొచ్చే నమూనా రాబర్ట్‌సన్ దంపతులదే. 1960ల చివర్లో జేమ్స్, జాయిస్ రాబర్ట్‌సన్ తల్లి ప్రసవానికో మరో పనికో ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో నలుగురు చిన్నపిల్లలను ఒకరి తర్వాత ఒకరిగా తమ ఇంట్లో పెట్టుకుని చూశారు. పిల్లలు రాకముందే పరిచయం పెంచుకున్నారు. పిల్లల సొంత దుప్పటి, బొమ్మలు వెంట తెచ్చుకున్నారు, వాళ్ల అలవాట్లు అడిగి తెలుసుకుని అలాగే పాటించారు. తల్లి ఫొటో దగ్గర ఉంచి ఆమె గురించి రోజూ మాట్లాడారు. ఆ పిల్లలకూ బాధ కలిగింది, కానీ సదనంలో వదిలిన పిల్లల్లా విరిగిపోలేదు. పాత మనిషిని తుడిచేయకుండా కొత్త మనిషి పక్కన నిలబడడమే ఇందులోని కిటుకు. తిరిగి కలిసేటప్పుడు ఇదే పద్ధతిని తిరగేయాలి. ఇప్పుడు కొత్త మనిషి అమ్మ, ఫొటోలో ఉండాల్సింది అమ్మమ్మ.

అంటే ఆచరణలో ఇలా ఉంటుంది. వీలుంటే తల్లే ముందు అమ్మమ్మ ఇంటికి వెళ్లి, పాపకు తెలిసిన చోటే రెండు మూడు వారాలు గడపాలి. మొదటి రోజుల్లో స్నానం, తిండి, నిద్ర అన్నీ అమ్మమ్మవే, తల్లి పక్కన కూర్చుంటుంది. కొన్నాళ్లకు తల్లి చేస్తుంది, అమ్మమ్మ పక్కన ఉంటుంది. ఆ తర్వాత అమ్మమ్మ చెప్పి బయటకు వెళ్లి గంటలో తిరిగొస్తుంది, మర్నాడు రెండు గంటలు. వెళ్లినవాళ్లు తిరిగొస్తారన్న నమ్మకం ఇలా చిన్న చిన్న మోతాదుల్లో కుదురుతుంది. నిద్రవేళ అన్నిటికంటే చివర చేతులు మారాలి, పాప అన్నిటికంటే నిస్సహాయంగా ఉండేది అప్పుడే. కొత్త ఇంట్లోనూ అమ్మమ్మ నెలా నెలన్నర ఉండగలిగితే మంచిది. వెళ్లే రోజు పాప మేల్కొని ఉండగా, ఎదురుగా చెప్పి వెళ్లాలి. పాప ఏడుస్తుంది, ఏడవనివ్వాలి. తల్లి చేతుల్లో ఉండి అమ్మమ్మ కోసం ఏడ్చిన ఆ ఏడుపుతోనే తల్లీబిడ్డల పని మొదలవుతుంది.

అందరికీ ఇంత వెసులుబాటు ఉండదు. వీసా, సెలవులు, టికెట్లు, ముసలివాళ్ల ఆరోగ్యం అడ్డొస్తాయి. ఏమీ కుదరకపోయినా ఒకటి కుదురుతుంది. అమ్మమ్మ నోటితోనే పాప వినాలి, 'అమ్మ దగ్గర ఉంటే నాకు కోపం రాదు, నువ్వు అమ్మను ముద్దుపెట్టుకుంటే నాకూ బాగుంటుంది' అని. పిల్లలు ఒకరిని ఇష్టపడితే మరొకరికి ద్రోహం చేసినట్టు భావిస్తారు, ఆ ముడి విప్పగలిగేది అమ్మమ్మ ఒక్కతే. ఆమెకు ఇది తేలికైన మాట కాదు. మూడేళ్లు పక్కలో పడుకున్న పిల్ల వెళ్లిపోయాక ఆ ఇంట్లో ఆమె బెంగను పలకరించేవాళ్లు తక్కువ. కూతురి బిడ్డ కూతురి దగ్గరికి చేరితే ఏడుస్తావేంటి అంటారు. ఆ బాధను ఎవరూ లెక్కలోకి తీసుకోకపోతే అది ఫోన్లో బయటపడుతుంది, 'నన్ను మర్చిపోయావా తల్లీ, నువ్వు లేకపోతే నాకు తోచడం లేదు' అని. ఆ కాల్ తర్వాత పాప రెండు రోజులు తేరుకోదు.

అప్పుడు చాలామంది చేసేది కాల్స్ ఆపేయడం. మాట్లాడితే ఏడుస్తోంది, మానేస్తే మానుకుంటుంది అన్న లెక్క. మానుకున్నట్టు కనపడుతుంది కూడా, తొమ్మిది నెలల వయసులో మానుకున్నట్టే. కానీ రెండోసారి అదే జరిగితే దగ్గరైనవాళ్లు పోతారు, వాళ్ల పేరెత్తకూడదు అన్నది పిల్ల నేర్చుకునే పాఠం అవుతుంది. కాల్స్ ఆపకుండా వేళ ఖాయం చేయడం మేలు. పడుకునే ముందు వద్దు. పగలు, పాపతో తల్లి కూర్చుని, కాల్ అయ్యాక అరగంట ఖాళీ ఉంచుకుని మాట్లాడించాలి. ఏడిస్తే 'అమ్మమ్మ గుర్తొచ్చింది కదా' అంటే చాలు. బొమ్మ కొనిస్తానని మాట మార్చడం కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

క్రమశిక్షణ గురించి తల్లిదండ్రులకు ఆత్రం ఎక్కువ. అమ్మమ్మ గారాబం చేసి చెడగొట్టిందని, స్కూల్లో చేర్చేలోపు దారిలో పెట్టాలని. నియమాలు ఉండాలి, అవి లేకపోతే పాపకు ఇంకా అయోమయం. అయితే మొదటి కొన్ని నెలలు అవి నాలుగైదుకు మించకూడదు, రోజూ ఒకేలా ఉండాలి. ముఖ్యంగా, 'ఇలా చేస్తే మళ్లీ పంపించేస్తాం' అన్న బెదిరింపు పొరపాటున కూడా రాకూడదు. వేరే పిల్లలు దాన్ని ఉత్తుత్తి బెదిరింపు అనుకోవచ్చు. ఈ పాపకు అది జరిగిన విషయం.

ఏది మామూలు, ఏది కాదు అన్నది పక్కింటి పిల్లలతో పోల్చి తెలుసుకోలేం. పక్క తడపడం, అంటిపెట్టుకోవడం, కోపం, చిన్నపిల్లలా మాట్లాడటం కొన్ని నెలలపాటు ఉండి మెల్లగా తగ్గుతుంటే దాన్ని సర్దుబాటు కిందే లెక్కించవచ్చు. అసలు ఏడవని పిల్లను చూసి ఎక్కువ జాగ్రత్తపడాలి. దెబ్బ తగిలినా ఎవరి దగ్గరికీ రాకపోవడం, ముక్కూ మొహం తెలియనివాళ్ల వెంట నవ్వుతూ వెళ్లిపోవడం, ఆటల మీద ఆసక్తి చచ్చిపోవడం, వచ్చిన మాటలు పోవడం, తన్ను తాను గాయపరచుకోవడం కనపడితే పిల్లల మానసిక నిపుణులకు చూపించాలి. ఆరు నెలలు గడిచినా రోజురోజుకూ పెరుగుతున్న కోపం కూడా అలాంటిదే. మాటల ఆలస్యాన్ని రెండు భాషల మీదికి నెట్టేయడమూ మామూలే, వినికిడి పరీక్ష చేయించకుండా ఆ మాట అనుకోకూడదు.

పదీ పన్నెండేళ్లకు తిరిగొచ్చే పిల్లల కథ వేరు. వాళ్లకు అమ్మమ్మతో పాటు స్నేహితులు, బడి, భాష అన్నీ పోతాయి, తల్లిదండ్రుల పెత్తనాన్ని ప్రశ్నించే వయసూ అప్పుడే వస్తుంది. వాళ్లను ముందే అడగాలి, ఎప్పుడు వస్తారన్న నిర్ణయంలో వాళ్లకూ చోటివ్వాలి. అలాగని ఇలా పెరిగిన ప్రతి బిడ్డా దెబ్బతింటుందని చెప్పడానికీ ఆధారం లేదు. అమ్మమ్మ దగ్గర కుదురుగా పెరిగిన పిల్లకు మనిషిని నమ్మడం ఎలాగో తెలుసు, ఆ నమ్మకం మరొకరి దగ్గరకు మళ్లడానికి సమయం పడుతుంది, అంతే.

మన పాప ఇంట్లో ఐదో నెలలో అమ్మమ్మ మళ్లీ మూడు వారాలు వచ్చి వెళ్లింది. ఈసారి చెప్పి వెళ్లింది. గేటు దగ్గర పాప బిగ్గరగా ఏడ్చింది, ఆ రాత్రి మాత్రం నిద్రపోయింది. ఏడో నెలలో ఒక పొద్దున తల్లి ఉద్యోగానికి బయల్దేరుతుంటే, అంతదాకా తలెత్తి కూడా చూడని పాప పరుగెత్తుకొచ్చి ఆమె కాలు పట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్లూ బాగానే ఉంది కదా, ఇదేం కొత్త సమస్య అని తండ్రి కంగారుపడ్డాడు. తల్లి సంచీ కింద పెట్టి అక్కడే గుమ్మంలో కూర్చుంది. ఆఫీసుకు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది.